లాభం 18 లక్షలు, ఖాతాలో 2 లక్షలు: మధ్యలో ఏమైంది?

*ప్రశ్న: బెంగళూరు పీణ్యాలో నాకు చిన్న మెషినింగ్ షాపు ఉంది, ప్రొప్రైటర్‌షిప్. ఈ ఏడాది లాభం 18 లక్షలని ఆడిటర్ గారు తేల్చారు. కానీ బ్యాంకులో పోయినేడు 6 లక్షలుంటే ఇప్పుడు 2 లక్షలే ఉంది. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చేతిలో పెట్టారు గానీ నాకు అర్థం కాలేదు. 12 లక్షల మిషన్ కొన్నాం, డీలర్‌కి ఇంకా 2 లక్షలు ఇవ్వాలి. లోన్ 10 లక్షలు మా ఖాతాలోకే వచ్చింది. సార్, డబ్బు ఎటు పోయింది?*

మీరు పంపిన రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఆడిటర్ గారు వాడింది ఇండైరెక్ట్ పద్ధతి. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరికి ఎంత కట్టారు అని ఇందులో ఒక్కొక్కటీ రాయరు. లాభంతో మొదలుపెట్టి, డబ్బు కదలకుండానే లాభాన్ని మార్చిన అంకెలను ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ బ్యాంకు నిల్వ దాకా వస్తారు.

మొదట 18 లక్షలకు 5 లక్షల తరుగుదల కలుపుతాం. తరుగుదల వల్ల డబ్బు రాదు. ఖర్చుగా రాసినప్పుడు లాభం తగ్గింది కానీ ఆ ఏడాది ఎవరికీ చెక్కు ఇవ్వలేదు, అందుకే తిరిగి కలుపుతున్నాం. పాత లేత్ పుస్తకాల్లో 2 లక్షలుంటే లక్షన్నరకి అమ్మారు. ఆ 50 వేల నష్టాన్నీ కలుపుతాం, ఎందుకంటే అమ్మకం డబ్బు కింద పెట్టుబడుల భాగంలో మొత్తంగా వస్తుంది. లోన్ మీద కట్టిన 2 లక్షల వడ్డీనీ ఇక్కడ కలిపి, అప్పుల భాగంలో తీసేస్తాం. ఇప్పుడు 25.5 లక్షలైంది.

అసలు దెబ్బ ఇక్కడి నుంచి మొదలవుతుంది. కస్టమర్ల దగ్గర రావాల్సింది 22 నుంచి 38 లక్షలకు పెరిగింది. బిల్లు వేసిన రోజే ఆ అమ్మకం లాభంలోకి ఎక్కింది, డబ్బు మాత్రం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. కాబట్టి 16 లక్షలు తీసేయాలి. స్టాకు 9 నుంచి 13కి పెరిగింది. రాడ్డు కొన్న డబ్బు వెళ్లిపోయినా, అమ్మేదాకా అది లాభనష్టాల ఖాతాలో ఖర్చు కాదు. అందుకని ఇంకో 4 తీసేయాలి.

సప్లయర్లకు ఇవ్వాల్సింది 10 నుంచి 13 లక్షలకు పెరిగింది కనుక 3 కలపాలనిపిస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆ 13లో 2 లక్షలు మిషన్ డీలర్‌వి, ముడిసరుకువి కావు. అవి పక్కన పెడితే నిజంగా పెరిగింది 1 లక్షే. జీఎస్టీ బాకీ, క్రెడిట్ నికరంగా మారలేదు కనుక వాటి జోలికి వెళ్లలేదు. వ్యాపారం నుంచి వచ్చిన నగదు 6.5 లక్షలు.

మిషన్‌కి 12 కాదు, ఈ ఏడాది చేతినుంచి వెళ్లింది 10 లక్షలు. లేత్ అమ్మితే 1.5 వచ్చింది. పెట్టుబడుల భాగం మైనస్ 8.5. అప్పుల భాగంలో లోన్ 10 వచ్చింది, అసలు 2, వడ్డీ 2, మీరు ఇంటికి తీసుకున్నది 8 వెళ్లాయి, మైనస్ 2. మీరు ప్రొప్రైటర్ కాబట్టి మీ ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా ఆ 8 లక్షల్లోనే ఉంది. కంపెనీ అయితే దాన్ని వ్యాపార భాగంలో తీసేవాళ్లం. మొత్తం 6.5లోంచి 8.5, 2 పోతే మైనస్ 4. ఆరు లక్షలు రెండయ్యాయి.

మీ ఆడిటర్ గారి పత్రంలో వ్యాపార నగదు 8.5, మిషన్ 12 అని ఉంది. ఆయన లెక్కలో కూడా చివరికి మైనస్ 4 వచ్చింది, ఎందుకంటే ఒకచోట ఎక్కువైన 2 ఇంకోచోట తగ్గింది. బ్యాంకు నిల్వతో సరిపోయినంత మాత్రాన మధ్యలోవి సరైనట్టు కాదు. మరోవైపు నుంచి సరిచూసుకోవాలంటే మిషన్ల ఖాతా చూడండి: 30 లక్షల ప్రారంభ విలువకి కొన్న 12 కలిపి, అమ్మిన దాని 2, తరుగుదల 5 తీసేస్తే ముగింపు 35 రావాలి, వచ్చింది. అంటే కొనుగోలు విలువ 12 నిజమే. ఆ తర్వాత క్రెడిటర్ల జాబితాలో డీలర్ పేరు వెతకండి, కట్టనిది అక్కడ దొరుకుతుంది. ఈ దిద్దుబాటు చేయమని ఆయన్ని అడగండి. బ్యాంకు వాళ్లు లోన్ పరిమితి చూసేటప్పుడు 8.5కీ 6.5కీ తేడా ఉంటుంది.

ఇక ఆ 16 లక్షలు. రావాల్సిన బాకీలను బిల్లు తేదీల వారీగా విడదీసి 45 రోజులు దాటినవి వేరు చేయండి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజులు మించి గడువు పెట్టుకోకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆ గడువు దాటి కట్టకుండా ఉంచితే, కట్టిన ఏడాది దాకా అతను ఆ కొనుగోలును పన్ను లెక్కలో ఖర్చుగా చూపలేడు. మార్చి మొదటి వారంలోనే ఉద్యమ్ నంబరు వేసిన బాకీ పత్రం వాళ్ల అకౌంట్స్ విభాగానికి పంపండి. ఏడాది ముగిసేలోపు కట్టేస్తే ఆ ఖర్చు వాళ్లకి ఆ ఏడాదే దక్కుతుంది.