కొరియర్‌లో పార్శిల్ పోతే కస్టమర్‌కి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఇంటి నుంచే ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో పోచంపల్లి చీరలు అమ్ముతాను. ఇంటికే ఫ్రీ డెలివరీ అని పేజీలో పెట్టాను. గుంటూరు కస్టమర్ ఒకామె 6,800 రూపాయలు యూపీఐలో కట్టారు. మార్చి 3న కొరియర్‌లో వేశాను, 140 రూపాయలు తీసుకున్నారు. 5వ తేదీ తర్వాత ట్రాకింగ్ కదల్లేదు. ఇప్పుడేమో పార్శిల్ పోయింది, ఎంక్వైరీకి ఇరవై రోజులు పడుతుంది, ఆ తర్వాత కూడా వంద రూపాయలే ఇస్తాం అంటున్నారు. కొరియర్‌కి ఇచ్చేశాక మన బాధ్యత తీరిపోయింది, వాళ్లు తేల్చేదాకా ఆగమని ఆమెకు చెప్పు అని మా మరిది అంటున్నాడు. ఆమె రోజూ ఫోన్ చేస్తున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పాలి? ఇంకో చీర పంపాలా, డబ్బు తిరిగివ్వాలా?

జవాబు: పార్శిల్ పోయిందని ఆమెకు ఈరోజే చెప్పండి. డబ్బు కావాలా, ఇంకో చీర కావాలా అని అడిగి, ఆమె ఏది కోరితే అది చేయండి. కొరియర్ ఎంక్వైరీ తేలేదాకా ఆమెను ఆపడానికి మీకు హక్కు లేదు. ఎందుకంటే ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు ఒప్పందాలు. ఆమె డబ్బు కట్టింది మీకు, చీర ఇస్తానన్నది మీరు. కొరియర్‌ని ఎంచుకున్నదీ, 140 కట్టి రసీదు తీసుకున్నదీ మీరే. ఆ కంపెనీతో ఆమెకు లావాదేవీ ఏదీ లేదు. వాళ్ల ఇరవై రోజుల గడువు మీకూ వాళ్లకూ మధ్య ఉన్న విషయం.

మీ మరిది మాటకు చట్టంలో కొంత ఆధారం లేకపోలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, అమ్మినవారు సరుకును రవాణాదారుకి అప్పగిస్తే, వేరే రుజువు లేనంతవరకు కొన్నవారికి అప్పగించినట్టే లెక్క. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. అదే సెక్షన్ రెండో భాగం ఇంకో మాట చెబుతుంది. సరుకు స్వభావాన్ని బట్టి రవాణాదారుతో తగిన ఒప్పందం చేసుకోవాల్సిన పని అమ్మినవారిది. అది చేయకపోతే, దారిలో సరుకు పోయినప్పుడు కొన్నవారు ఆ అప్పగింతను ఒప్పుకోనక్కర్లేదు. లేదా నష్టపరిహారం అడగవచ్చు. ఒకసారి మీ రసీదు తీసి చూడండి. విలువ రాసే గడిలో 6,800 అని ఉందా, ఖాళీగా ఉందా? ఇన్సూరెన్స్ గానీ, రిస్క్ ఛార్జీ గానీ కట్టారా? ఇవేవీ లేకుండా దాదాపు ఏడు వేల చీరను మామూలు కవరులా పంపి ఉంటే, 39వ సెక్షన్ మీకే అడ్డం తిరుగుతుంది.

దానికి తోడు ‘ఇంటికే ఫ్రీ డెలివరీ’ అన్నది మీరు ఇచ్చిన మాట. ఆ చట్టంలోని ఇలాంటి సాధారణ నియమాలను ఇరువైపుల ఒప్పందంతో మార్చుకోవచ్చు. ఇంటికి చేరుస్తానని రాసి అమ్మాక, కొరియర్ కౌంటర్ దగ్గరే నా పని అయిపోయిందంటే వినియోగదారుల కమిషన్‌లో ఆ వాదన నిలబడటం కష్టం. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు. ఆమె గుంటూరులో వేస్తే మీరు అక్కడ సమాధానం చెప్పుకోవాలి. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు, లాయర్ లేకుండా వేసుకోవచ్చు, రెండేళ్ల దాకా వ్యవధి ఉంటుంది. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇదంతా. 6,800 దగ్గర ముగిసే వ్యవహారాన్ని ఖర్చులు, పరిహారం దాకా ఎందుకు లాగకూడదో తెలియాలని చెబుతున్నాను.

గడువుల సంగతికి వద్దాం. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలలో ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని ఉంది. మీలా సొంత పేజీలో చీరలు అమ్మేవారికి అవి అక్షరాలా వర్తిస్తాయా అన్నది వాదించదగ్గ విషయమే. అయినా మీరు వాటినే మీ గడువులుగా పెట్టుకోమంటాను. నిజానికి ఇంత చిన్న లావాదేవీకి నెల అక్కర్లేదు, వారం చాలు.

ఆమెకు ఫోన్‌లో చెప్పినా సరే, తర్వాత వాట్సాప్‌లో రాసి పంపండి. రేపు ఏ మాటా మాటా వచ్చినా ఆ మెసేజే మీకు సాక్ష్యం. ఇలా రాయవచ్చు:

“మేడమ్, మార్చి 3న మీకు పంపిన చీర పార్శిల్ దారిలో పోయిందని కొరియర్ వాళ్లు ఈరోజు చెప్పారు. 5వ తేదీ తర్వాత దాని ఆచూకీ లేదు. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. కొరియర్ ఎంక్వైరీతో మీకు సంబంధం లేదు, అది నేను చూసుకుంటాను. మీకు డబ్బు కావాలంటే మీరు చెప్పిన రోజే 6,800 మొత్తం మీరు కట్టిన యూపీఐకే వేస్తాను. చీరే కావాలంటే అదే రంగు, అదే డిజైన్ నా దగ్గర లేదు, దగ్గరగా ఉన్న రెండిటి ఫోటోలు పంపుతున్నాను. నచ్చితే మర్నాడే ఇన్సూరెన్స్‌తో పంపుతాను, అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు. మూడు రోజుల్లో మీ మాట తెలియకపోతే డబ్బు వెనక్కి వేసేస్తాను.”

ఇందులో కొన్ని మాటలు కావాలనే పెట్టాను. ‘పోయింది’ అని నేరుగా ఉంది. ‘కొంచెం లేటవుతోంది’ అని నాన్చి, పది రోజుల తర్వాత పోయిందంటే, ముందే తెలిసీ దాచారని ఆమె అనుకుంటారు, కమిషన్ కూడా అలాగే అనుకోవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌లో అచ్చం అదే చీర మళ్లీ దొరకడం కష్టం కాబట్టి, వేరే చీర ఆమె ఒప్పుకుంటేనే పంపాలి. ఫోటో చూసి సరేనన్న మెసేజ్ ఉండాలి. మీకు చీర అసలు ధరకే పడుతుంది కనుక డబ్బివ్వడం కంటే ఇంకో చీర పంపడమే మీకు లాభం, నాకు తెలుసు. కానీ ఆ వైపు ఆమెను తొయ్యకండి. పెళ్లికో పేరంటానికో కొనుక్కుని ఉంటే, ఆ రోజు దాటాక చీర చేరినా ఆమెకు పనికిరాదు. డబ్బు బదులు ‘మళ్లీ కొన్నప్పుడు తగ్గిస్తాను’ అనే కూపన్ ఇవ్వచూపడం, ప్యాకింగ్ ఛార్జీ పట్టుకోవడం కూడా వద్దు.

ఇక కొరియర్ సంగతి. ఆమెకు డబ్బిచ్చేస్తే మీ హక్కు పోదు, రసీదు మీ పేరున ఉంది. ముందుగా వాళ్లకు పని పెట్టండి. చాలాసార్లు పార్శిల్ దొంగతనానికి గురి కాదు, లేబుల్ చిరిగిపోయి హబ్‌లో ఒక మూల అడ్రస్ లేని సరుకుల్లో పడి ఉంటుంది. అందుకే ఫిర్యాదులో రసీదు నంబరుతో పాటు చీర ఫోటో, బయటి కవర్ రంగు, బరువు, లోపల మీ బిల్లు ఉందా లేదా అన్నవి రాయండి. చివరి స్కాన్ ఏ హబ్‌లో, ఏ గంటకు జరిగింది, ఏ సంచిలో వేశారు, ఆ సంచి గుంటూరులో విప్పినప్పుడు లెక్క సరిపోయిందా అని రాతపూర్వకంగా అడగండి. ‘ఎంక్వైరీ జరుగుతోంది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే వాళ్లు ఏమీ వెతకలేదనే అర్థం.

వంద రూపాయల మాట అంతిమం కాదు. పరిహారం ఇంతే అని రసీదు మీద ఉన్న షరతు కింద పంపినవారు సంతకం చేస్తే అది వారిని కట్టేస్తుందని 1996లో భారతీ నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ రసీదు మీద మీ సంతకం ఉందా అన్నది ముఖ్యం. సంతకం లేని, ఎవరూ వివరించని చిన్న అక్షరాల షరతును వినియోగదారుల కమిషన్లు పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. ఇంకోవైపు, రోడ్డు రవాణాకు 2007 నాటి చట్టం ఒకటుంది, ఇంటి నుంచి ఇంటికి చేర్చే కొరియర్లూ దాని పరిధిలోకి వస్తాయి. ఎక్కువ రిస్క్ ఛార్జీ కట్టకపోతే పరిహారం రవాణా ఛార్జీకి పది రెట్లు, అదీ మీరు రాసిన విలువకు మించకుండా అని దాని నియమాలు చెబుతాయి. మీ లెక్కన 140కి పది రెట్లు 1,400. వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయాల్సిన పని లేదు, సరుకు చేరలేదని చూపితే చాలు. మొత్తం 6,800 రావాలంటే షరతు మిమ్మల్ని కట్టదని, సేవలో లోపం జరిగిందని కమిషన్ ముందు వాదించాలి. ఖాయంగా వస్తుందని నేను చెప్పలేను.

ఇక్కడ ఎక్కువమంది చేజార్చుకునేది నోటీసు. అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం, పార్శిల్ బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు కొరియర్‌కి అందాలి. లేకపోతే కేసు వేయడానికే వీల్లేదు. పార్శిల్ పోయినట్టు తెలిసిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. మార్చి 3 నుంచి లెక్కేస్తే ఆగస్టు 30. కస్టమర్ కేర్‌కి చేసిన ఫోన్లు, యాప్‌లో పెట్టిన టికెట్లు నోటీసు కింద చెల్లుతాయని నమ్ముకోకండి. రసీదు నంబరు, తేదీ, విలువ, కస్టమర్‌కి మీరు చెల్లించిన రుజువు జతచేసి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. ఆ ఇరవై రోజుల ఎంక్వైరీ అయ్యేదాకా కూడా ఆగకుండా ఈ వారమే పంపండి.

నోటీసుకు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, ఆ తర్వాత ఇక్కడి జిల్లా కమిషన్. వ్యాపారం చేసేవారు వినియోగదారులు కారని కొరియర్ లాయర్ అభ్యంతరం చెబుతాడు. సొంత కష్టంతో బతుకుదెరువు కోసం చేసే పనికి కొన్న సరుకు ‘వాణిజ్య అవసరం’ కిందికి రాదని వినియోగదారుల చట్టంలోనే వివరణ ఉంది. ఇంట్లో మీరొక్కరే చేసుకునే అమ్మకం కనుక, మీరు తీసుకున్న సేవకూ అదే వర్తించాలని వాదించవచ్చు. జీతానికి మనుషుల్ని పెట్టి గోడౌన్ నడిపే స్థాయిలో ఉంటే మాత్రం అంత తేలిక కాదు.

చివరగా, మీరు డబ్బిచ్చేశాకో, ఇంకో చీర పంపాకో పాత పార్శిల్ బయటపడి గుంటూరు చేరవచ్చు. అందుకని ఆమె ఏది కావాలో చెప్పిన వెంటనే ఇంకో మాట రాసి పంపండి: “పాత పార్శిల్ ఎప్పుడైనా వస్తే తీసుకోకుండా తిప్పి పంపండి. ఇంట్లో ఎవరైనా తీసుకుంటే నాకు ఒక మెసేజ్ పెట్టండి, నా ఖర్చుతో తెప్పించుకుంటాను.” కొరియర్‌కి కూడా, ఆ నంబరు పార్శిల్ దొరికితే డెలివరీ చేయకుండా కూకట్‌పల్లికే తిప్పి పంపమని నోటీసులోనే రాయండి.