సుగంధి షర్బత్‌లో వేరు ఎంత, చక్కెర ఎంత?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మాది కావలి. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. ఎండాకాలం ఇంట్లో కాచిన సుగంధి షర్బత్ రోజూ మధ్యాహ్నం ఒక గ్లాసు తాగుతాను. వేరు కాబట్టి చలవ చేస్తుంది, షుగర్‌కీ మంచిదే అంటున్నారు. ఈ ఏడాది చక్కెర మానేసి తాటిబెల్లం వేశాం. తాగొచ్చా? లేక వట్టివేళ్ల నీళ్లు మేలా?

జవాబు: సుగంధి వేరుతో మీకు పేచీ లేదు. ఇబ్బందంతా దాన్ని నిలవ ఉంచడానికి వేసే తీపితోనే.

ఇళ్లలో మామూలుగా కాచే పాకం లెక్క చూడండి. 50 గ్రాముల వేళ్లను దంచి నానబెట్టి వడకడితే అర లీటరు కషాయం వస్తుంది. అందులో కిలో చక్కెర వేసి కరిగిస్తే సుమారు 1,100 మి.లీ. పాకం తయారవుతుంది. గ్లాసుకు 30 మి.లీ. పోసుకున్నా దాదాపు 27 గ్రాముల చక్కెర, అంటే అయిదు చిన్న చెంచాలు దాటి లోపలికి పోతుంది. ఆరోగ్యవంతుడికి కూడా ఇలా విడిగా కలిపే చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు ఒక్క గ్లాసుతోనే ఆ హద్దు దాటేస్తున్నారు. పైగా ఇది నీళ్లలో కరిగిన తీపి. నమలాల్సిన పని గానీ, అడ్డుపడే పీచు గానీ లేవు కాబట్టి అరగంట, గంటలోపే రక్తంలో షుగర్ పెరిగిపోతుంది.

తాటిబెల్లం వేసినా ఇదే వరస. అందులో కొంచెం తేమ, కొద్దిపాటి ఖనిజాలు తీసేస్తే మిగిలేదంతా దాదాపు చక్కెరే. అనుమానముంటే గ్లాసు తాగేముందు ఒకసారి, గంట తర్వాత ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసుకోండి.

పాకంలో తీపి సగానికి తగ్గిద్దామనుకుంటారు కొందరు. అది నిలవదు. చిక్కటి చక్కెర వల్లనే సూక్ష్మజీవులు పెరగకుండా ఉంటాయి. పలచబడితే కొద్దిరోజుల్లోనే పులుస్తుంది. మూత తీసినప్పుడు బుస్సుమన్నా, పైన నురగ కట్టినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయాల్సిందే.

అందుకని మీరు పాకం జోలికి పోకుండా, తీపి లేని కషాయం కొద్దికొద్దిగా చేసుకోండి. 20 గ్రాముల సుగంధి వేళ్లు మట్టి పోయేలా కడిగి, కచ్చాపచ్చాగా దంచి, నడిమి తెల్లటి పుల్ల తీసేయండి. వాసనంతా పైబెరడులోనే ఉంటుంది. అర లీటరు నీళ్లు మరిగించి, పొయ్యి ఆపాక అందులో బెరడు వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. వేళ్లను నీళ్లతో కలిపి గంటలతరబడి మరిగిస్తే ఆ పరిమళం ఆవిరితో పోయి చేదు, వగరు మిగులుతాయి. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు వాడుకోవచ్చు. గ్లాసుకు 50 మి.లీ. పోసి నిమ్మరసం పిండుకుంటే చాలు.

ఆ గ్లాసు నింపడానికి వట్టివేళ్ల నీళ్లు వాడితే మరీ బాగుంటుంది. వాటిలో చక్కెర లేదు. వేళ్ల మధ్య మట్టి, ఇసుక ఇరుక్కుని ఉంటాయి కాబట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా అయిదారుసార్లు కడగాలి. 15 గ్రాముల వేళ్లను పలచని గుడ్డలో మూటకట్టి, కాచి చల్లార్చిన మూడు లీటర్ల నీళ్లున్న కుండలో రాత్రి వేస్తే తెల్లారేసరికి వాసన పడుతుంది. కుండలో నీళ్లు రోజూ మార్చాలి. మూటను ఎండలో ఆరబెట్టి రెండు మూడుసార్లు వాడవచ్చు. జిగురుగా తగిలినా, ముక్కవాసన వచ్చినా తీసేయండి. కూలర్లకూ తడికెలకూ వాడే వట్టివేళ్లు, అగరు దుకాణాల్లో దొరికే వట్టివేళ్ల నూనె తాగే నీళ్లలోకి పనికిరావు.

సుగంధి వేరు షుగర్ తగ్గిస్తుందన్న మాటకు, మందు మానేసి దాని మీద ఆధారపడేంత రుజువు మనుషుల్లో లేదు. మీ మాత్రలు మానకండి. మీ విషయంలో నేను ఎక్కువ జాగ్రత్త పడేది మరోచోట. ఎండకు ఆకలి మందగించి మధ్యాహ్నం అన్నం మానేసి, ఈ తీపి లేని నీళ్లతోనే గడిపేస్తే, గ్లిమిపిరైడ్ వాడేవారికి షుగర్ పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. వాటిని వడదెబ్బ అనుకుని ఊరుకోకండి. వెంటనే పరీక్షించి 70 కన్నా తక్కువుంటే మీ ఇంట్లో ఉన్న ఆ పాకమే 20 మి.లీ. అర గ్లాసు నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగండి. షుగర్ సర్దుకున్నాక ఏదైనా తినండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

కిడ్నీ జబ్బు గానీ గుండె నీరసం గానీ ఉండి డాక్టరు నీళ్లు కొలిచి తాగమని చెప్పివుంటే, ఈ నీళ్లు కూడా ఆ కొలతలోకే వస్తాయి.

— జనరల్ ఫిజీషియన్, నెల్లూరు