మొదటిసారి కలిసినప్పుడు జరిగిన విషయాలు అడగండి

ప్రశ్న: ఇంట్లోవాళ్లు చూసిన అమ్మాయిని ఈ ఆదివారం మొదటిసారి కలుస్తున్నాను. ఓ అరగంట విడిగా మాట్లాడుకోమన్నారు. ఇంటర్వ్యూ చేసినట్టు ఉండకూడదు, అలాగని ఊరికే కబుర్లతో టైమ్ అయిపోకూడదు. ఏం అడగాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

నాదీ ఇంట్లోవాళ్లు చూసిన సంబంధమే. మా ఆయన్ని కలవకముందు ఇంకొందరితో కూడా ఇలాగే కూర్చుని మాట్లాడాను. అందులో నాకు బాగా పనికొచ్చింది ఒకటే: అభిప్రాయాలు అడగడం మానేసి, జరిగిన విషయాలు అడగడం.

"మీకు ఎలాంటి మనిషి కావాలి?" అంటే ఎవరైనా "అర్థం చేసుకునే మనిషి" అంటారు. "కోపం వస్తుందా?" అంటే "అంతగా రాదు" అంటారు. అబద్ధం చెప్తున్నారని కాదు. ఆ ప్రశ్నలకి జవాబు అందరి దగ్గరా ముందే సిద్ధంగా ఉంటుంది. అదే జరిగిన విషయం అడిగితే గుర్తు తెచ్చుకుని చెప్పాలి. అందులో మనుషులు వస్తారు, ఎవరు ఏమన్నారో వస్తుంది, అప్పుడు వాళ్లు ఏం చేశారో వస్తుంది. మీకు కావలసింది అదే.

మొదలుపెట్టడానికి ఒక తేలికైన దారి చెప్తాను. "నా గురించి మీ ఇంట్లో ఏం చెప్పారండీ?" అని అడగండి. ఇద్దరి గురించీ ఇద్దరికీ మధ్యవాళ్ల మాటల్లోనే తెలుసు కాబట్టి అందులో ఎక్కడో ఒకచోట తేడా ఉంటుంది. నేను చాలా మితభాషినని మా ఆయనకి చెప్పారట! ఆ మాటకి ఇద్దరం నవ్వాం, బిగువు తగ్గింది. పైగా చదువు, ఉద్యోగం, ఇంటి పరిస్థితుల గురించి ఎవరైనా తప్పుగా చెప్పి ఉంటే అప్పుడే సరిదిద్దుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్నలు. వాళ్లింట్లో డబ్బు విషయం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని నాకు ఉండేది. "మీరు ఖర్చు మనిషా, పొదుపు మనిషా?" అని అడిగితే నాకేమీ తెలిసేది కాదు. అందుకని, "ఉద్యోగంలో చేరాక మీరు పెట్టిన పెద్ద ఖర్చేంటి, దాని గురించి ఇంట్లో ఎవరితో మాట్లాడారు?" అని అడిగాను. మా ఆయన కాసేపు ఆలోచించి, చెల్లెలి చదువు కోసం లోన్ తీసుకున్నానన్నారు.

"ఇంట్లో అడిగారా, మీరే తీసుకున్నారా?"

"నాన్న అడగలేదండీ. తెలిసినవాళ్ల దగ్గర అప్పు కోసం తిరుగుతున్నారని అమ్మ చెప్పింది. అప్పుడు నేనే తీసుకున్నాను. పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు నా జీతంలోంచే కట్టాలి. ఈ విషయం మీకు ముందే చెప్పాలనుకున్నాను."

ఆ నాలుగు మాటల్లో ఎంత తెలిసిందో చూడండి. తీరాల్సిన అప్పు ఒకటి ఉంది. మామగారు కష్టం వస్తే నోరు విప్పి అడగరు, అత్తయ్య ద్వారా తెలుస్తుంది. ఈయన అడిగేదాకా ఆగే మనిషి కాదు. నాకు ఇబ్బంది కలిగించే విషయాన్ని కూడా దాచలేదు. వెంటనే నా సంగతీ చెప్పాను: మా అమ్మ మందుల ఖర్చు నేనే చూసుకుంటున్నాను, పెళ్లయ్యాక కూడా చూసుకుంటాను అని. ఆయన "ఇప్పుడు అమ్మగారికి ఎలా ఉంది?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన మీద నాకు నమ్మకం మొదలైంది.

ఇంటర్వ్యూలా అనిపించకుండా ఉండేది కూడా ఇలా చేస్తేనే. వాళ్లు చెప్పినదాంట్లోంచే మీ తర్వాతి ప్రశ్న రావాలి, మీ సంగతి కూడా మీరు చెప్పాలి. మీ గురించి ఏమీ చెప్పకుండా వరసగా మూడు ప్రశ్నలు వేస్తే ఎదుటి మనిషి బిగుసుకుపోతారు. పది ప్రశ్నలు రాసుకుని వెళ్లొద్దు, రెండు మూడు మనసులో పెట్టుకుంటే చాలు. "మీ ఇంట్లో ఈమధ్య ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎవరెవరు చూసుకున్నారు?" అన్నది నాకు ఇష్టమైన ప్రశ్న. ఇంటి పని ఎవరి మీద పడుతుందో అడగకుండానే తెలిసిపోతుంది.

"మా ఇంట్లో గొడవలే రావు" లాంటి జవాబు ఒకటి వస్తే పట్టించుకోకండి, అది భయం కావచ్చు. ఇంకాస్త తేలికైన విషయం అడగండి. ఎంతసేపు మాట్లాడినా ఒక్క సంఘటన కూడా బయటికి రాకపోయినా, చెప్పిన ప్రతి కథలో తప్పు అవతలివాళ్లదే అయినా, ఇంకోసారి కలవకుండా నిర్ణయం తీసుకోవద్దు. పాత ప్రేమలు, ఇంట్లో జరిగిన బాధాకరమైన విషయాలు మాత్రం మొదటిరోజు తవ్వకండి. వాళ్లే చెప్తే వినండి.

ఎక్కడ ఉండాలి, ఉద్యోగం, పెద్దవాళ్లు మీతో ఉంటారా అన్నవి మాత్రం సూటిగానే మాట్లాడుకోవాలి. అప్పుడు కూడా "మీ అభిప్రాయం ఏంటి?" అనే బదులు "దీని గురించి మీ ఇంట్లో ఇప్పటికే ఏమైనా అనుకున్నారా?" అని అడగండి. ఆ అమ్మాయి ఒకటి అనుకుని, వాళ్ల ఇంట్లో ఇంకోటి అనుకుని ఉంటే అక్కడే బయటపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, తను ఇష్టపడే వచ్చిందా లేదా అన్నది. "బలవంతం ఏమీ లేదు కదా?" అంటే "లేదు" అనే అంటారు, వేరే మాట అనడానికి ధైర్యం కావాలి. "ఈ సంబంధం గురించి మీకు ఎప్పుడు చెప్పారు? అప్పుడు మీరేమన్నారు?" అని అడగండి. మా ఆయన్ని కలవకముందు ఒకరిని ఇలాగే అడిగాను. "నిన్న రాత్రి చెప్పారు" అని, మాట ఆపి తలుపు వైపు చూశారు. "మీకు ఇష్టం లేకపోతే నాతో చెప్పండి, వద్దన్నది నేనేనని మా ఇంట్లో చెప్తాను" అన్నాను. పైచదువులకి వెళ్లాలని ఉందని, ఇంట్లో వినడం లేదని అప్పుడు చెప్పారు. నాకు కుదరదని మా ఇంట్లో చెప్పేశాను. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకూ ఇలాంటి పరిస్థితి వస్తే, మాట ఇచ్చాక దాన్ని నిలబెట్టుకోండి. ఆ అమ్మాయి చెప్పింది మీ ఇంట్లో చెబితే సాయంత్రానికల్లా వాళ్లింటికి చేరుతుంది.

ఇవన్నీ మాట్లాడాలంటే మాటలు బయటికి వినపడకూడదు. పెద్దవాళ్లకి కనపడేలా, కానీ వినపడనంత దూరంలో కూర్చోబెట్టమని మీవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. పక్క గదిలో అందరూ ఉండి తలుపు తీసి ఉంటే, తను మెల్లగా, ఒక్కో మాటతో జవాబు చెప్పినా దాన్నిబట్టి మనిషిని అంచనా వేయకండి.

లేచే ముందు ఇంకొక్క విషయం మాట్లాడుకోండి. బయటికి రాగానే "ఏమంటావు?" అని ఇద్దరినీ అడుగుతారు. "రెండు రోజులు టైమ్ కావాలని ఇద్దరం ఒకే మాట చెబుదామా?" అని తనని అడగండి. తను సరేనంటే ఆ మాట ముందు మీరే చెప్పండి, అమ్మాయి చెబితే ఇంట్లో నచ్చలేదేమో అనుకుంటారు. ఫోన్ నంబర్ తీసుకోవాలనుకుంటే మధ్యవాళ్లని కాకుండా తననే అడిగి, ఎప్పుడు చేస్తే ఇబ్బంది లేకుండా మాట్లాడగలదో కూడా కనుక్కోండి.