మూడో రోజు పాపకు కామెర్లు 15: లైట్ కింద పెట్టాలా?

"నెలలు నిండి పుట్టిన పాపకు మూడు రోజులు. బిలిరుబిన్ 15 ఉంది. లైట్ పెట్టాలా, ఎండలో పెడితే చాలదా?"

ఆ అంకెను పాప వయసుతో, గంటల లెక్కన, కలిపి చూడాలి. వేరే ప్రమాద కారణాలు లేని నిండు నెలల బిడ్డకు 72 గంటలప్పుడు, కామెర్లు తగ్గించే లైట్ కింద పెట్టాల్సిన హద్దు సుమారు 18. కాబట్టి 15కి సాధారణంగా లైట్ అక్కర్లేదు, మర్నాడు మళ్ళీ చూస్తారు. అదే 15 మొదటి రోజే వస్తే వెంటనే లైట్ పెట్టాల్సిందే. నెల తక్కువ బిడ్డకు, తల్లీబిడ్డల బ్లడ్ గ్రూపులు పడనప్పుడు హద్దు ఇంకా తగ్గుతుంది. నుదుటిపై ఆనించే మీటర్ అంచనాకే. అంకె హద్దు దగ్గరికొస్తే రక్తపరీక్ష చేయాలి.

ఒంటిని పసుపుగా మార్చే ఈ బిలిరుబిన్ ఎక్కువగా విరేచనంలో పోతుంది. పాలు చాలకపోతే అది పేగుల్లోంచి మళ్ళీ రక్తంలోకి చేరుతుంది. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు, నిద్రలేపైనా, పాలు పట్టండి. గుటక శబ్దం వినబడాలి. నాలుగో రోజుకల్లా నల్లటి విరేచనం పసుపు రంగులోకి మారుతుంటే పాలు అందుతున్నట్టే. గ్లూకోజ్ నీళ్ళు వద్దు, వాటితో కామెర్లు తగ్గవు. ఎండ కూడా లైట్‌కు బదులు కాదు.

పాప మత్తుగా పడుకుని పాలు తాగకపోయినా, కీచుగా ఏడ్చినా, వెనక్కి విల్లులా వంగినా రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.