మాటలు రాని భర్త భార్య పుట్టినరోజుకి క్యాప్షన్ ఎలా రాయాలి?

"వచ్చే వారం మా ఆవిడ పుట్టినరోజు. మనసులో మాట చెప్పాలంటే నాకు మొహమాటం. ఫోటో కింద మా ఇంటి విషయాలతో చిన్న క్యాప్షన్ పెట్టాలనుంది. ఎలా రాయమంటారు?"

నేనూ మీలాంటివాణ్ణే. "నువ్వే నా ప్రాణం" లాంటివి నా నోట రావు. అందుకని ఆవిడ గురించి ఒకటి రెండు వాక్యాలు, దానివల్ల నేను చేసే పని గురించి ఒక్క వాక్యం రాస్తాను. ప్రేమ అనే మాట ఎక్కడా రాయను. అది ఆ చివరి వాక్యంలోనే తెలిసిపోతుంది.

మా ఆవిడకి బాల్కనీలో మల్లె కుండీ ఉంది. పొద్దున్నే నీళ్లు పోస్తూ దానితో మాట్లాడుతుంది, "ఏమే, ఇవాళ కూడా మొగ్గ లేదా?" అని గట్టిగానే అడుగుతుంది. పోయినసారి పుట్టినరోజుకి ఇది పెట్టాను:

"మల్లె మొక్క మొగ్గ వేయకపోతే నిలదీస్తుంది. వేస్తే నన్ను పిలిచి చూపిస్తుంది. ఆ పిలుపు కోసమే నేను పొద్దున పేపర్ హాల్లో కూర్చుని చదువుతాను. పుట్టినరోజు శుభాకాంక్షలు."

మొదట రాసుకున్నప్పుడు "మా ఇంటి వెలుగు" అని కూడా ఉంది. తీసేశాను. ఆ మాట ఎవరి భార్యకైనా సరిపోతుంది, మల్లె మొక్కని నిలదీసేది మాత్రం మా ఆవిడే. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలాగే చూసుకోండి. పక్కింటాయన కూడా వాడుకోగలిగితే అది మీకు అక్కర్లేదు.

"నువ్వు" అని రాయడానికి సిగ్గనిపిస్తే "తను", "మా ఆవిడ" అని రాయండి. అత్తగారు, ఆడపడుచులు, ఆఫీసువాళ్లు అందరూ చదివే చోట అలా రాయడమే తేలిక. ఆవిడకి ఎలాగూ అర్థమవుతుంది.

ఇంటి విషయం అనగానే చాలామంది వంట, టిఫిన్ బాక్స్, అందరూ తిన్నాక చివర్లో తినడం రాస్తారు. నాకది నచ్చదు. పుట్టినరోజు నాడు కూడా ఆవిడ చాకిరీ లెక్కే చదివినట్టుంటుంది. ఆవిడ అలవాటో, పంతమో, ఇష్టమో పట్టుకోండి. మా తమ్ముడు రాసుకున్నది చూడండి:

"రాత్రి ఫ్యాన్ తనకి రెండు మీద ఉండాలి, నాకు ఐదు మీద. ఇప్పుడు తను పుట్టింటికి వెళ్లినా రెండు మీదే పెట్టుకుని పడుకుంటున్నాను."

వాడు అంతకంటే ఏమీ రాయలేదు. మా మరదలు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంది.

మూడు నాలుగు వాక్యాలు దాటనివ్వకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పొడుగు క్యాప్షన్ మడతపడిపోతుంది, అసలు మాట కనపడాలంటే నొక్కి తెరవాలి. ఫోటో కూడా పెళ్లి ఫంక్షన్‌లో తీసింది కాకుండా, ఆ విషయానికి దగ్గరగా ఇంట్లో తీసింది పెట్టండి.

పెట్టేముందు ఆవిడకి చూపించండి. ఇంట్లో విషయం నలుగురిలో పెట్టడం కొందరికి ఇష్టముండదు. వద్దంటే అవే వాక్యాలు కాగితం మీద మీ చేత్తో రాసి ఇచ్చేయండి.