అప్పు అంతే ఉండదు, ప్రతి మార్పుకీ పెరుగుతుంది

ప్రశ్న: పాత లోన్ కట్టడానికి కొత్త లోన్ తీసుకుంటే నష్టమేంటి? ఒకటి పోయి ఇంకోటి వస్తుంది, అప్పు అంతే కదా?

మా బావ కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టి "కొత్తగా నేనేం వాడలేదురా, మరి ఇంతెందుకు అయింది" అంటాడు. నిజంగానే వాడలేదు, మొత్తం చూశాను. మొదట యాప్‌లో తీసుకున్నది 10,000. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపి 10 శాతం ముందే కోసేసి 9,000 చేతికిచ్చారు, నెల తిరిగేసరికి కట్టాల్సింది మాత్రం 10,000. ఆ నెల డబ్బుల్లేవు, సరే అని మళ్ళీ లోన్. కానీ 10,000 కట్టాలంటే 10,000 లోన్ సరిపోదు, దాంట్లో కూడా కోస్తారు కదా, 11,111 తీసుకోవాలి. తర్వాతి నెల 12,346, ఆపైన 13,717, ఇలా ఆరోసారి మార్చేసరికి 18,817. ఆయన చేతికి ముట్టింది ఇప్పటికీ ఆ 9,000 మాత్రమే!

అసలు తిరకాసు ఏడో నెల వచ్చింది. యాప్ లిమిట్ 20,000, కోత పోగా 18,000 వస్తుంది, ఇంకా 817 తక్కువ. ఆ 817 కోసం రెండో యాప్ డౌన్‌లోడ్ చేశాడు, దాని గడువేమో 15 రోజులే. ఇక అక్కణ్నుంచి నెలకి ఒక డేట్ కాదు, జీతం ఎప్పుడొస్తుందో చూడకుండా వచ్చిపడే డేట్లు. ఖర్చులు తగ్గించుకో అని సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఇక్కడ మనిషి ఖర్చే పెట్టలేదు, ఫీజు మీద ఫీజు పడింది అంతే. పైగా లేట్ అయ్యేకొద్దీ "మీకు ప్రీ అప్రూవ్డ్" అని మెసేజ్‌లు, అదో దరిద్రం.

లోన్ మార్చడమే తప్పని నేను అనను. ఫీజులన్నీ కలిపాక కూడా వడ్డీ తగ్గి, పాతది పూర్తిగా క్లోజ్ అయి, గడువు పెరగకపోతే మార్చుకోవచ్చు. ఈఎంఐ తగ్గింది అని సంబరపడొద్దు, రెండేళ్ళది నాలుగేళ్ళు చేస్తే ఈఎంఐ ఎలాగూ తగ్గుతుంది, మొత్తం కట్టేది చూడండి. ఇంకోటి, ప్రతి నెలా ఒకే తారీఖున బాకీలన్నీ కూడి రాసుకోండి. కిస్తీలు టైంకి కడుతున్నా ఆ టోటల్ పెరుగుతోందంటే మీరు అప్పుతోనే అప్పు కడుతున్నారు.

బావ చివరికి చిన్న లోన్ జీతంలోంచి కట్టేసి, పెద్దదాన్ని మళ్ళీ మార్చకుండా లోన్ కంపెనీ వాళ్ళతో మాట్లాడి ఆరు వాయిదాలు చేయించుకున్నాడు, అదీ మెయిల్‌లో రాయించుకుని. వడ్డీ బాగానే గుంజారు, కానీ నెలనెలా అసలు తగ్గడం అప్పుడే మొదలైంది.