కొబ్బరి లౌజులో పంచదార తగ్గించినా ఉండ విడిపోకుండా

ప్రశ్న: కొబ్బరి లౌజులో పంచదార సగానికి తగ్గించాను. ఉండ కట్టగానే పొడిపొడిగా విడిపోయింది. ఎంతవరకు తగ్గించవచ్చు? బదులుగా ఏం వేయాలి?

కోనసీమలో మా ఇంట్లో లౌజుకు 300 గ్రాముల పచ్చి కొబ్బరి కోరుకు 200 గ్రాముల పంచదార వేయడం అలవాటు. ఇప్పుడు 140 గ్రాములతో చేస్తున్నాను. ఉండ గట్టిగానే నిలుస్తోంది. 120 గ్రాముల కంటే తగ్గించినప్పుడు మాత్రం ఏం కలిపినా అది లౌజులా ఉండదు.

పంచదార తీపితో పాటు జిగురునూ ఇస్తుంది. తాజా కొబ్బరిలో దాదాపు సగం నీరే కాబట్టి, పంచదార ఆ నీటిలో కరిగి పాకమై, చల్లారేటప్పుడు చిక్కబడి కోరును అతికిస్తుంది. పంచదార తగ్గితే పాకం తగ్గుతుంది, కోరులోని నీరు మాత్రం అంతే మిగులుతుంది. అందువల్ల తీసేసిన పంచదారకు బదులు అతికించే పదార్థం వేయడంతో పాటు నీటిని కూడా ముందే తగ్గించుకోవాలి.

నేను తగ్గించిన 60 గ్రాములకు బదులుగా 40 గ్రాముల జీడిపప్పు పొడి వేస్తాను. మా వైపు మోరి జీడిపప్పు సులువుగా దొరుకుతుంది, బద్దలైనా సరిపోతుంది. అందులోని కొవ్వు, పిండిపదార్థం కలిసి పాకం చేసే పనిలో కొంత చేస్తాయి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

మరీ లేతది కాని కొబ్బరి కోరును చెంచాడు నేతిలో, రంగు మారకుండా, సన్నని సెగపై అయిదారు నిమిషాలు వేయించండి. ఆవిరి తగ్గాక పంచదార, పావు కప్పు పాలు పోసి కలుపుతూ ఉడికించండి. మిశ్రమం మూకుడు అంచులు వదలడం మొదలవగానే జీడిపప్పు పొడి, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు చేర్చి మరో రెండు నిమిషాలు ఉంచండి. తడి వేళ్లతో చిటికెడు తీసి నలిపితే వేలికి అంటకుండా మెత్తని ఉండ కావాలి. అంటుకుంటే ఇంకా ఉడకాలి. పగుళ్లిస్తే దింపిన తరువాత గోరువెచ్చని పాలు ఒక్క చెంచా చల్లి కలిపితే సరిపోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే ఉండలు చుట్టాలి.

బెల్లం అంతే బరువుకు వేస్తే తగ్గించినట్లు కాదు, అది కూడా ప్రధానంగా చక్కెరే. ఖర్జూరం ముద్ద కూడా చాలామంది అనుకునేంత మేలు కాదు: దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు చక్కెర ఉంటుంది, కనుక 90 గ్రాములు వేస్తే తీసేసిన 60 గ్రాములూ తిరిగి వచ్చినట్లే. స్టీవియా తీపినిస్తుంది కానీ పాకం ఇవ్వదు, అందువల్ల అదొక్కటే వేస్తే ఉండ నిలవదు.

ఈ కొలతతో ఇరవై ఉండలు చేస్తే ఒక్కొక్కదానిలో వేసిన పంచదార 10 గ్రాముల నుంచి 7 గ్రాములకు తగ్గుతుంది. పంచదార తక్కువైనందున నిల్వ కూడా తగ్గుతుంది. మన తేమ వాతావరణంలో బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.